ఎక్స్‌పాన్షన్ పాత్ ఎలా తీయాలి: ఒక బిస్కెట్ బేకరీ లెక్కతో

ప్రశ్న: "నేను డిగ్రీ సెకండ్ ఇయర్. ఐసోక్వాంట్‌ని ఐసోకాస్ట్ తాకే చోట ఖర్చు అన్నిటికంటే తక్కువ అని సార్ బోర్డు మీద గీసి చెప్పారు. కోసుకుంటూ పోయే చోట ఎందుకు కాదో నాకు అర్థం కాలేదు. ఆ తాకే చుక్కలన్నీ కలిపితే ఎక్స్‌పాన్షన్ పాత్ అన్నారు. అది ఎప్పుడూ సున్నా నుంచి వచ్చే సరళరేఖేనా? పరీక్షలో లెక్క ఇస్తే ఎలా తీయాలి?"

ముందు సమాధానం చెప్పేస్తాను. కోసుకుంటూ పోయే చోట మీరు నిలబడ్డారంటే, అదే సరుకు ఇంకా తక్కువ డబ్బుతో తీసే దారి ఒకటి మిగిలే ఉందన్నమాట. తాకే చోట ఆ దారి మూసుకుపోతుంది. పాత్ తీయడానికి రాయాల్సిన సమీకరణం ఒక్కటే:

```
MPL / MPK = w / r
```

L అంటే శ్రమ, K అంటే మెషిన్లు. MPL, MPK అంటే వాటిలో ఒక్కోదాన్ని ఒక యూనిట్ అదనంగా పెడితే పెరిగే సరుకు. w అంటే కూలి, r అంటే మెషిన్ అద్దె. ఈ సమీకరణంలోంచి L కీ K కీ మధ్య వచ్చే సంబంధమే ఎక్స్‌పాన్షన్ పాత్. అది సున్నా నుంచి వచ్చే సరళరేఖ కావడం తరచూ జరిగేదే గానీ, ఎప్పుడూ అలాగే రావాలని లేదు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా ఇచ్చే ఫంక్షన్ అలాంటిది కాబట్టి అదే నియమం అనిపిస్తుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతున్నాను. సాయంత్రాలు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ వాళ్లకి కూడా చెబుతుంటాను. తెలుగు మీడియం వాళ్లు వీటిని సమోత్పత్తి రేఖ, సమవ్యయ రేఖ, విస్తరణ పథం అని చదువుతారు. విషయం ఒకటే. ఈ పాఠం బొమ్మతో మొదలుపెడితే సగం మందికి ఎక్కదు. అందుకే నేను ఉస్మానియా బిస్కెట్లతో మొదలుపెడతాను.

పాతబస్తీలో ఒక చిన్న బేకరీ అనుకోండి. రోజుకి 200 కిలోల బిస్కెట్లు తీయాలి. పిండి కలిపి, బిస్కెట్ వేసే మెషిన్లు పక్క యూనిట్లో ఉన్నాయి, గంటల లెక్కన అద్దెకిస్తారు. గంటకి 400 రూపాయలు. మనిషి కూలి గంటకి 100, అంటే ఎనిమిది గంటల రోజుకి 800. మెషిన్ గంటలు తగ్గించుకుంటే చేత్తో వత్తి, చేత్తో కోసి, ట్రేలు సర్దే పని పెరుగుతుంది, మనుషులు ఎక్కువ కావాలి. మెషిన్ గంటలు పెంచితే మనుషులు తగ్గుతారు. ఉత్పత్తి ఇలా వస్తుందనుకుందాం:

```
Q = 10 √(L · K)
```

L మనుషుల గంటలు, K మెషిన్ గంటలు, Q కిలోలు. అంకెలు నేను క్లాసు కోసం పెట్టుకున్నవే, ఏ బేకరీ పుస్తకంలోంచీ తీసినవి కావు. మైదా, డాల్డా, చక్కెర ఖర్చు ఇందులో కలపలేదు. కిలోకి ఎంత పిండి పడుతుందో చేత్తో చేసినా మెషిన్‌తో చేసినా అంతే పడితే, ఆ ఖర్చు ఏ కలయిక ఎంచుకోవాలన్న దాన్ని మార్చదు.

200 కిలోలు రావాలంటే L ని K తో గుణిస్తే 400 రావాలి. అలాంటి జతలు ఎన్నో ఉన్నాయి. ఆ జతలన్నీ కలిసిందే 200 కిలోల ఐసోక్వాంట్. కొన్నిటి ఖర్చు చూడండి:

| మనుషుల గంటలు (L) | మెషిన్ గంటలు (K) | ఖర్చు (రూ.) |
|---|---|---|
| 20 | 20 | 10,000 |
| 25 | 16 | 8,900 |
| 32 | 12.5 | 8,200 |
| 40 | 10 | 8,000 |
| 50 | 8 | 8,200 |
| 80 | 5 | 10,000 |

మొదటి వరుస, చివరి వరుస చూడండి. రెండిటి ఖర్చూ పదివేలే. సరిగ్గా ఒకే ఖర్చయ్యే జతలన్నీ కలిపిన గీతే ఐసోకాస్ట్. అంటే పదివేల రూపాయల ఐసోకాస్ట్ ఈ ఐసోక్వాంట్‌ని రెండు చోట్ల కోస్తోంది. మీ సార్ బోర్డు మీద గీసిన "కోసుకుంటూ పోయే" గీత ఇదే. ఆ రెండు చోట్ల మధ్యలో ఉన్న ప్రతి జతా అదే 200 కిలోలు ఇస్తూ పదివేల కంటే తక్కువకే దొరుకుతోంది. గీతను కిందికి జరుపుతూ పోతే రెండు చుక్కలూ దగ్గరికి వస్తాయి. 8,200 దగ్గర కూడా ఇంకా రెండు చోట్ల కోస్తూనే ఉంది (32 దగ్గర, 50 దగ్గర). 8,000 దగ్గర రెండూ కలిసి ఒకటైపోతాయి. అంతకంటే కిందికి జరిపితే గీత ఐసోక్వాంట్‌ని అందుకోదు, 200 కిలోలు రావు. తాకడం అంటే రెండు కోతలు కలిసి ఒకటైపోవడం. ఈ ఒక్క మాట పట్టుకుంటే బొమ్మ మళ్లీ మర్చిపోరు.

ఇప్పుడు అదే విషయం బేకరీ యజమాని కళ్లతో చూద్దాం. ఆయన 20 మనుషుల గంటలు, 20 మెషిన్ గంటల దగ్గర ఉన్నాడు. అక్కడ ఒక మనిషి గంట అదనంగా పెడితే దాదాపు 5 కిలోలు పెరుగుతాయి. ఒక మెషిన్ గంట తీసేసినా దాదాపు 5 కిలోలే తగ్గుతాయి. మెషిన్ గంట మానుకుంటే 400 మిగులుతుంది, పోయిన సరుకు తిరిగి తెచ్చుకోడానికి మనిషి గంటకి 100 ఇస్తే చాలు. అంటే దాదాపు 300 లాభం. కచ్చితంగా లెక్కేస్తే, K ని 19 చేస్తే L 21.05 అవుతుంది, ఖర్చు 10,000 నుంచి 9,705కి దిగుతుంది. మిగిలింది 295. ఇలా మార్చుకుంటూ పోయేకొద్దీ మనుషుల గంట ఇచ్చే అదనపు సరుకు తగ్గుతుంది, మెషిన్ గంట విలువ పెరుగుతుంది. ఎక్కడ ఆగాలి? మార్పిడి వల్ల ఇక పైసా మిగలని చోట. 40, 10 దగ్గర మనిషి గంట 2.5 కిలోలు ఇస్తుంది, మెషిన్ గంట 10 కిలోలు ఇస్తుంది. వంద రూపాయలకి 2.5 కిలోలు, నాలుగు వందలకి 10 కిలోలు. రూపాయికి వచ్చే సరుకు రెండు వైపులా సమానం. పైన రాసిన సమీకరణం చెప్పేది ఇదే.

లెక్కలో తీసే పద్ధతి. మన ఫంక్షన్‌కి MPL = 5√(K/L), MPK = 5√(L/K). ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే మిగిలేది K/L. పుస్తకాల్లో దీన్ని MRTS అంటారు. దాన్ని కూలి, అద్దెల నిష్పత్తికి సమానం చేయండి:

```
K / L = 100 / 400
L = 4K
```

అయిపోయింది. `L = 4K` అన్నదే మీ ఎక్స్‌పాన్షన్ పాత్. ఇందులో Q లేదని గమనించండి. ఎంత సరుకు తీసినా ఈ సంబంధం మారదు, అందుకే ఇది గీత అయింది, చుక్క కాలేదు. చాలామంది ఇక్కడే తడబడి, Q ని ముందే పెట్టేసి ఒక్క చుక్క తీసి పాత్ అని రాసేస్తారు. ఆ గీత మీద ఎక్కడ నిలబడాలో చెప్పేది Q. దాన్ని తర్వాత పెట్టాలి: Q = 10√(4K·K) = 20K. 200 కిలోలకి K 10, L 40. 400 కిలోలకి K 20, L 80, ఖర్చు 16,000. కిలోకి 40 రూపాయలు, ఎంత తీసినా అంతే. లాగ్రాంజ్ పద్ధతిలో చేస్తే వచ్చే λ కూడా ఈ 40 రూపాయలే. ఒక కిలో అదనంగా తీయడానికి అయ్యే ఖర్చు అది. పరీక్షలో λ అంటే ఏమిటని అడిగితే "మార్జినల్ కాస్ట్" అని ఒక్క ముక్క రాసినా మార్కులు పడతాయి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట బోర్డు మీద తొందరలో w/r బదులు r/w రాసేశాను. L = K/4 వచ్చింది. క్లాసంతా బుద్ధిగా రాసుకున్నారు. ఆఖరి బెంచీలో ఒక అమ్మాయి "సార్, మనిషి చవక కదా, మరి మెషిన్లు ఇన్ని ఎందుకు పెడుతున్నాం?" అంది. ఆ జత ఖర్చు లెక్కేస్తే 10 మనుషుల గంటలు, 40 మెషిన్ గంటలు, 17,000 రూపాయలు. 8,000 కావాల్సిన చోట! అప్పటి నుంచి ఏ లెక్క చేసినా చివర్లో రెండు సరిచూపులు పెట్టుకున్నాను. ఒకటి, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. రెండోది, L, K ల పవర్లు సమానంగా ఉన్న ఇలాంటి ఫంక్షన్‌లో కూలీలకీ మెషిన్లకీ సమానంగా ఖర్చవ్వాలి. మన లెక్కలో నాలుగు వేలు, నాలుగు వేలు. పవర్లు వేరైతే ఖర్చు ఆ పవర్ల నిష్పత్తిలో పంచుకుంటుంది. 1928లో కాబ్, డగ్లస్ వాడిన ఫంక్షన్ కుటుంబం అంతటికీ ఇది పనిచేస్తుంది.

ధర మారితే గీతే మారుతుంది. రంజాన్ నెలలో బేకరీలకి మనుషులు దొరకడం కష్టం. కూలి గంటకి 144 అయిందనుకోండి (వర్గమూలం గుండుగా రావాలని ఆ అంకె పెట్టాను, అంతే). ఇప్పుడు K/L = 144/400, అంటే L = (25/9)K. పాత్ మెషిన్ వైపుకి తిరిగింది. 200 కిలోలకి K 12 గంటలు, L 33.3 గంటలు, ఖర్చు 9,600. పాత జతనే పట్టుకుని కూర్చుంటే 9,760 అయ్యేది. పిల్లలు ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తారు. పాత్ మీద ముందుకు నడవడం అంటే ధరలు అలాగే ఉండి సరుకు పెరగడం. ధర మారితే ఆ పాత్ వదిలేసి ఇంకో పాత్ మీదికి దూకుతాం.

33.3 గంటలకి మనిషిని ఎవరు పెట్టుకుంటారు అని మీకు డౌట్ రావచ్చు. నిజమే, మనుషులు రోజు కూలికి వస్తారు. నలుగురిని పెట్టుకుంటే 32 గంటలు, అప్పుడు మెషిన్ 12.5 గంటలు. ఖర్చు 9,608. ఎనిమిది రూపాయలే తేడా! కారణం ఐసోక్వాంట్ ఆకారంలోనే ఉంది. తాకే చోట రెండు గీతలూ కాసేపు దాదాపు కలిసే పోతాయి కాబట్టి అటూ ఇటూ కొంచెం జరిగినా ఖర్చు పెద్దగా పెరగదు. దూరం జరిగేకొద్దీ మాత్రం వేగంగా పెరుగుతుంది. పైన టేబుల్‌లో 8,000 పక్కన 8,200 ఉండి, కొసల్లో పదివేలు ఉండడం అందుకే.

షార్ట్ రన్‌లో ఈ పాత్ దొరకదు. మెషిన్ అద్దె ఒప్పందం రోజుకి పది గంటలకే ఉందనుకోండి, పండగ ముందు ఇంకో గంట కూడా ఖాళీ లేదు. సగటు రోజున 200 కిలోలకి అది సరిగ్గా సరిపోతుంది. 300 కిలోల ఆర్డర్ వస్తే (కూలి మళ్లీ 100 అనే అనుకుందాం) L 90 గంటలు కావాలి, ఖర్చు 13,000. మెషిన్ గంటలు పెంచుకునే వీలుంటే 12,000తో పోయేది. 400 కిలోలైతే L 160 గంటలు, ఖర్చు 20,000, లాంగ్ రన్‌లో 16,000. అడ్డంగా L, నిలువుగా K పెట్టుకుంటే K = 10 దగ్గర అడ్డంగా పోయే గీతే షార్ట్ రన్ పాత్. అది మన L = 4K గీతని ఒక్క చోటే కలుస్తుంది, 200 కిలోల దగ్గర. తర్వాత చాప్టర్‌లో షార్ట్ రన్ కాస్ట్ కర్వ్ లాంగ్ రన్ కర్వ్‌ని ఒక్క చోటే తాకుతుందని చదువుతారు. దాని మూలం ఇక్కడుంది. ఇంకో మాట, 160 గంటలంటే ఇరవై మంది. చిన్న బేకరీ గదిలో ఇరవై మంది మసలడమే కష్టం. ఫంక్షన్ మాత్రం అంతమంది ఉన్నా సరుకు వస్తుందనే చెబుతుంది. అందుకే ఏ ఫంక్షన్‌నీ అది కొలిచిన పరిధి దాటి మరీ దూరం లాగకూడదు.

ఇప్పుడు సరళరేఖ సంగతికి వద్దాం. పెద్ద ఐసోక్వాంట్ చిన్నదానికి పెద్దచేసిన కాపీలా ఉంటే, అంటే సున్నా నుంచి గీసిన ఏ గీత మీదైనా అన్ని ఐసోక్వాంట్ల వాలూ ఒకటే అయితే, అప్పుడే పాత్ సున్నా నుంచి సరళంగా వస్తుంది. దీన్ని హోమోథెటిక్ అంటారు. బేకరీలో ఇది చెడగొట్టడం ఎంత తేలికో చూడండి. పొద్దున్నే ఓవెన్ వేడెక్కించడం, సాయంత్రం ట్రేలు కడగడం, నేల తుడవడం. ఎంత సరుకు తీసినా వీటికి రోజూ ఎనిమిది గంటలు పోతాయనుకోండి:

```
Q = 10 √((L − 8) · K)
K / (L − 8) = 1/4
L = 4K + 8
```

ఇదీ సరళరేఖే, కానీ సున్నా నుంచి రాలేదు. 200 కిలోలకి 48 మనుషుల గంటలు, 10 మెషిన్ గంటలు. ఖర్చు 8,800, కిలోకి 44. 400 కిలోలకి 88, 20. ఖర్చు 16,800, కిలోకి 42. ఆ ఎనిమిది గంటల భారం ఎక్కువ కిలోల మీద పంచుకోవడంతో సగటు ఖర్చు దిగింది. "సరళరేఖా?" అని అడిగితే ఒక సమాధానం, "సున్నా గుండా పోతుందా?" అని అడిగితే ఇంకో సమాధానం. ప్రశ్నలో ఏది అడిగారో చూసి రాయండి.

పూర్తిగా వంకర తిరిగే పాత్‌లూ ఉన్నాయి. యాభై కిలోలు తీసేవాడు చేత్తో వత్తుకుంటాడు. టన్నుల్లో తీసేవాడు బెల్టు మీద నడిచే పెద్ద ఓవెన్ పెడతాడు. అలాంటి చోట పాత్ పైకి వెళ్లేకొద్దీ మెషిన్ వైపు వంగుతుంది. కొన్నిచోట్ల సరుకు పెరిగాక మనుషుల గంటలు మొత్తంగానే తగ్గిపోయి, గీత వెనక్కి తిరుగుతుంది. అప్పుడు శ్రమని ఇన్ఫీరియర్ ఇన్‌పుట్ అంటారు.

సమీకరణం అసలు పనిచేయని చోట్లు రెండున్నాయి, పేపర్ సెట్ చేసేవాళ్లకి ఇవంటే ఇష్టం. మొదటిది డెలివరీ వ్యాన్. ఒక వ్యాన్‌కి ఒక డ్రైవర్. ఇద్దరు డ్రైవర్లని ఒకే వ్యాన్‌కి పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఐసోక్వాంట్ L ఆకారంలో ఉంటుంది, మూల దగ్గర వాలే ఉండదు, కాబట్టి MRTS తీయబోతే దారి తప్పుతారు. మూలలన్నీ కలిపితే పాత్, అంతే. జీతం పెరిగినా ఆ గీత కదలదు. రెండోది ప్యాకింగ్. మనిషి గంటకి 60 ప్యాకెట్లు కడతాడు, మెషిన్ 300 కడుతుంది, ఒకదాని బదులు ఇంకోటి పూర్తిగా సరిపోతుంది. రూపాయికి మనిషి 0.6 ప్యాకెట్, 400 అద్దె దగ్గర మెషిన్ 0.75. అంతా మెషిన్‌తోనే కట్టాలి, పాత్ K అక్షం మీదే పడుకుంటుంది. కూలి గంటకి 80 కంటే దిగితేనే ఒక్కసారిగా మొత్తం మనుషుల వైపుకి దూకుతుంది. ఇక్కడ రెండూ సమానం కావాలని బలవంతంగా సమీకరణం రాస్తే 5 కి 4 కి పొంతన కుదరక టెన్షన్ పడతారు. సమానం కాకపోవడమే అక్కడ సమాధానం.

ఆఖరుగా r గురించి. క్లాసులో ఇచ్చేస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, బయట లెక్క తప్పేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. తెలిసిన ఒకాయన సొంత మెషిన్లు కొన్నాక "ఇక మెషిన్ ఫ్రీ కదా సార్, కరెంటే ఖర్చు" అన్నాడు. ఇంకొకాయన కొన్న ధరంతా మొదటి సంవత్సరం ఖర్చులోనే రాసి, మెషిన్ గిట్టదని తేల్చేశాడు. ఇద్దరిదీ పొరపాటే. ముప్ఫై లక్షల మెషిన్లు అనుకోండి. 12 శాతం వడ్డీ 3.6 లక్షలు, పదేళ్లకి అరుగుదల ఏడాదికి 3 లక్షలు, రిపేర్లు 90 వేలు. మొత్తం 7.5 లక్షలు. రోజుకి పది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే గంటకి 250. దానికి గ్యాసు, కరెంటు గంటకి 150 కలిపితే 400. ఐసోకాస్ట్‌లో r అంటే ఇది. బ్యాంకు అప్పు లేకుండా సొంత డబ్బుతో కొన్నా ఆ వడ్డీ లెక్కలో ఉండాల్సిందే, ఆ డబ్బు ఇంకోచోట పెడితే వచ్చేది కాబట్టి. ఇంకో చిక్కు కూడా ఉంది. అవే మెషిన్లు రోజుకి ఇరవై గంటలు తిప్పితే వడ్డీ భారం ఎక్కువ గంటల మీద పంచుకుంటుంది, గంట ఖర్చు దిగుతుంది. అంటే r స్థిరంగా ఉండదు, ఐసోకాస్ట్ సరళరేఖ కాకుండా పోతుంది. అందుకే నేను మొదట్లోనే మెషిన్లని పక్క యూనిట్లో పెట్టి గంటకింత అని అద్దెకి ఇప్పించాను.